తాత కుడిచెయ్యి

ఆ వారమంతా విజయరత్నం కుడిచెయ్యి ఒకచోట ఊరుకోలేదు.

దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ నుంచి ఆఫీసున్న అల్ కూజ్ దాకా హయాత్ బాషా కారులో నలుగురు కలిసి వెళ్తారు. ముందు సీటు విజయరత్నానిది. బెల్టు పెట్టుకున్న దగ్గర్నుంచి దిగేదాకా అతను మోచెయ్యి మడుస్తాడు, చాపుతాడు, అరచేతిని పైకి తిప్పుతాడు, కిందికి తిప్పుతాడు, లేని కప్పొకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తాడు.

"ఏం సార్, చెయ్యి పట్టేసిందా?" మూడో రోజు అడిగాడు హయాత్ బాషా. కడప జిల్లా మనిషి. ఎవరికి ఏ నొప్పి ఉన్నా దానికో నూనె పేరు చెప్పగలడు.

"నాది బాగానే ఉంది బాషా. మా తాతదే పట్టేసింది."

"అయ్యో! ఊర్లో ఉండాడా పెద్దాయన?"

"ఆఫీసులో ఉన్నాడు. కంప్యూటర్లో."

హయాత్ బాషా అద్దంలోంచి వెనక సీటు వాళ్ళకేసి ఒక చూపు చూసి, నూనె మాట ఎత్తకుండానే గేరు మార్చాడు.

అది 2007 ఆగస్టు. ఉదయం ఏడున్నరకే కారు అద్దాలకు బయటివైపు చెమట పడుతోంది. సెప్టెంబర్ రెండో వారంలో రంజాన్ మొదలవుతుంది. ఆ నెలలో ఒక టీవీ ఛానెల్‌కు పిల్లల బొమ్మల సీరియల్ ఇస్తామని అల్ కూజ్‌లోని చిన్న స్టూడియో ఒప్పుకుంది. కథ పెద్దదేం కాదు. ఒక ఎమిరాతీ తాత సాయంత్రం చాప మీద కూర్చుని, వచ్చినవాళ్ళతో గావా, అంటే అరబ్బు కాఫీ, తాగుతూ మనవలకు పాతకాలం సంగతులు చెబుతాడు. పదిహేను భాగాలు. తాతకు రూపం ఇచ్చినవాడు వేరు, కదిలించేవాళ్ళు వేరు. ఆ రూపం లోపల ఎముకలు పెట్టినవాడు విజయరత్నం. కంప్యూటర్ బొమ్మకు లోపల అస్థిపంజరం లేకపోతే అది గోడ మీది పటంలాంటిదే, కదలదు. ఏ కీలు ఎటు వంగాలి, ఎంత వంగాలి అనేది ఎముకలు పెట్టేవాడు నిర్ణయిస్తాడు. తెర మీద అతని పని ఎవరికీ కనిపించదు. చెడిపోతే మాత్రం అందరికీ కనిపిస్తుంది.

విజయరత్నానికి ముప్ఫై ఆరేళ్ళు. పాలకొల్లు. ఇంటర్ తప్పాక సైన్‌బోర్డులు రాశాడు. కిరాణా కొట్ల పేర్లు, రైసు మిల్లుల గోడలు, చర్చిల్లో వాక్యాలు. గీత ఒక నూలుపోగంత వంకరపోయినా చెరిపి మళ్ళీ రాసేవాడు. షాపు యజమాని "చాల్లేవయ్యా, ఎవడు చూస్తాడు" అన్నా వినేవాడు కాదు. ఊళ్ళోకి ఫ్లెక్సీలు రావడం మొదలయ్యాక కుంచె పక్కన పెట్టి హైదరాబాద్ వెళ్ళి కంప్యూటర్ నేర్చుకున్నాడు. అక్కడి యానిమేషన్ కంపెనీలో అయిదేళ్ళు పనిచేశాడు. పక్క కుర్చీ పర్శరాములుది. వరంగల్ మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా చురుకు.

2005లో భార్య సంతోషకుమారికి దుబాయ్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆమె వీసా మీద విజయరత్నం వచ్చాడు. భార్య వీసా మీద వచ్చిన మగవాడికి ఇక్కడ దొరికే మొదటి పని వంట. పధ్నాలుగు నెలలు వండాడు. ఫ్లాటులో ఒక గది, ఒక కిటికీ. కిటికీ ఎదురుగా అచ్చం అలాంటిదే ఇంకో కిటికీ. శుక్రవారం తెలుగు ఆరాధనలో అతన్ని పేరుతో ఎవరూ పరిచయం చెయ్యలేదు. "సంతోషం సిస్టర్ గారి హస్బెండ్ అండీ" అనేవారు. సంతోషకుమారి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో అని అతనికి చాలాసార్లు అనిపించింది.

ఫిబ్రవరిలో ఈ స్టూడియోలో ఉద్యోగం దొరికింది. ఆరు నెలలు చూస్తామన్నారు. ఆ ఆరు నెలలూ ఆగస్టు మూడో ఆదివారంతో అయిపోతాయి. మొదటి భాగం ఛానెల్ వాళ్ళు చూసేది ఆ తర్వాతి మంగళవారం. ఆ రెండు తేదీలనూ అతను క్యాలెండర్ మీద రాసుకోలేదు. రాసుకోవలసిన పని లేదు.

*

బొమ్మను కదిలించే పని హైదరాబాద్‌లో పర్శరాములు పెట్టుకున్న చిన్న జట్టుకు వెళ్ళింది. పదకొండుమంది. వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ వేరు, దుబాయ్‌లో వాడేది వేరు. విజయరత్నం ఏప్రిల్‌లో తాత అస్థిపంజరాన్ని వాళ్ళకు పంపాడు. వాళ్ళు తమ దగ్గర దాన్ని కదిలించి, ఏ కీలు ఏ క్షణాన ఎన్ని డిగ్రీలు తిరిగిందో ఆ అంకెలను వెనక్కి పంపుతారు. ఇక్కడి అస్థిపంజరం ఆ అంకెల ప్రకారం కదులుతుంది.

వినడానికి తేలిక. చిక్కు ఏమిటంటే ప్రతి ఎముకకూ తన సొంత దిక్కులు మూడుంటాయి. ఇక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఎముక పొడుగున సాగే గీత పేరు వై. హైదరాబాద్‌వాళ్ళు కుదిర్చిన పద్ధతిలో అదే గీత పేరు ఎక్స్. అక్కడ జెడ్ చుట్టూ ముప్ఫై డిగ్రీలు మడిచానంటే ఇక్కడ దేని చుట్టూ మడవాలో ఎముక ఎముకకూ చెప్పుకోవాలి. ఆ పట్టికను పర్శరాములు, విజయరత్నం ఏప్రిల్‌లో మూడు రోజులు ఫోను మీద కూర్చుని తయారుచేశారు. తాత కర్ర పట్టుకుని నడిచే ముక్క ఒకటి పరీక్షకు నడిపారు. నీళ్ళు తాగినంత సాఫీగా వచ్చింది.

ఆగస్టు రెండో వారం మొదట్లో మొదటి భాగం మొత్తం వచ్చింది, నూట ముప్ఫై షాట్లు. విజయరత్నం మొదటిది తెరిచాడు. తాత తిన్నగా నిలబడి ఉన్నాడు, చక్కగా ఉన్నాడు. నడిచాడు, చక్కగా నడిచాడు. చాప మీద కూర్చున్నాడు. మనవడి తల నిమరడానికి కుడిచెయ్యి ఎత్తి మోచెయ్యి మడిచాడు.

మోచెయ్యి పక్కకు వంగింది.

ఎవరో వెనక్కి విరిచి పట్టుకున్నట్టు ముంజెయ్యి శరీరానికి దూరంగా బయటికి పోయింది. ఎడమచెయ్యి మాత్రం ఏ వంకా లేకుండా దాని పని అది చేసుకుపోతోంది.

అప్పుడు మొదలైంది విజయరత్నం చేతి తిప్పుడు.

మొదటి రోజు దగ్గరదారి పట్టాడు. షాటులో కుడి ముంజేతి ఎముకను దాని పొడుగు చుట్టూ తొంభై డిగ్రీలు తిప్పి పెట్టాడు. మోచెయ్యి సరైన వైపే వంగింది. కానీ ఎముకతోపాటు దానికి అంటిన కండ, చర్మం, చొక్కా చెయ్యి అన్నీ తొంభై డిగ్రీలు తిరిగాయి. మోచేతి దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి, చాక్లెట్ కాగితం రెండు కొసలూ మెలిపెట్టినట్టు రెండు మెలికలు పడ్డాయి. రెండో రోజు పట్టికలో అంకెలు అటూ ఇటూ మార్చాడు. ఎముకల గొలుసు మొత్తానికి మార్చేసరికి, మడత పడవలసిన చోట మెలిక పడింది. మోచెయ్యి వంగడం మానేసి, పిండిన తువ్వాలులా తనచుట్టూ తాను తిరిగింది. మూడో రోజు షాటుకొకటిగా చేత్తో సరిచేద్దామని కూర్చున్నాడు. సాయంత్రానికి నాలుగు షాట్లయ్యాయి. నూట ఇరవై ఆరు మిగిలాయి.

మెయిల్లో రోజూ అడుగుతూనే ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున హైదరాబాద్‌కు ఫోనే చేశాడు.

"రాములూ, ఏప్రిల్ తర్వాత మీవాళ్ళు ఎముకలేమైనా కదిపారా?"

"నేనెందుకు కదుపుతనే? నువ్వు పంపినదే నడుస్తున్నది. మా తాన మంచిగనే మడుస్తున్నడు ముసలాయన. వీడియో పంపిన గద, సూడలే?"

"చూశాను. అక్కడ బాగానే ఉంది."

"మరింకేంది?"

"ఇక్కడికొచ్చేసరికి విరుగుతోంది."

"గాలిమోటర్ల ఎక్కినంక ఇరిగింది గావచ్చు. సీటు ఇరుకున్నదేమో."

"వేళాకోళం కాదు రాములూ. మీ కుర్రాళ్ళలో ఎవడో సరిగ్గా బయటికి తియ్యలేదు. ఒక్కసారి చూడమను."

పర్శరాములు గొంతులో ఎగతాళి పోయింది.

"అన్నా, నాలుగు సార్లు జూసినం. అయిదోసారి సూస్త. నీ కోసమే సూస్త. గని నువ్వు గూడ నీ తాన ఒక్కసారి సూడరాదే?"

విజయరత్నానికి ఆ మాట నచ్చలేదు. తన దగ్గర ఏముంది చూడడానికి? అస్థిపంజరం తనది. తిన్నగా నిలబెడితే మేస్త్రీ గోడకు వేలాడదీసే తూకపు దారంలా ఉంటుంది. ఒక్క కీలు చోటు తప్పలేదు. వంకర గీత తనకు సరిపడదని ఊరందరికీ తెలుసు.

*

గురువారం మధ్యాహ్నం ముదీర్ పిలిచాడు. ముదీర్ అంటే ఇక్కడి అరబ్బీలో మేనేజరు, పేరు దక్షిణామూర్తి. విశాఖపట్నంవాడు, పధ్నాలుగేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు, టేబుల్ మీద ఒక్క కాగితం కూడా ఉంచడు. గదిలో ఆయనతోపాటు అబూ హమ్దాన్ ఉన్నాడు. రిటైరయిన ఎమిరాతీ మాస్టారు. సీరియల్‌లో మర్యాదలు, మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడానికి స్టూడియో పెట్టుకున్న పెద్దాయన. తన ఫ్లాస్కు, తన చిన్న కప్పు తనే తెచ్చుకుంటాడు. దక్షిణామూర్తి తెర మీద ఒక షాటు నడిపాడు.

మామూలుగా జరగవలసింది ఇది. అతిథి గావా తాగుతుంటే పోసేవాడు కప్పు ఖాళీ అయినప్పుడల్లా పోస్తూనే ఉంటాడు. చాలనిపిస్తే అతిథి నోటితో చెప్పడు. కప్పును వేళ్ళ మధ్య పట్టుకుని మణికట్టును అటూ ఇటూ రెండుసార్లు ఆడిస్తాడు. అంతే, పోసేవాడు కప్పు తీసుకుంటాడు. హైదరాబాద్‌వాళ్ళు దాన్ని చక్కగా చేశారు. ఇక్కడి తెర మీద మాత్రం తాత మణికట్టు పక్కలకు ఆడడానికి బదులు పైకీ కిందికీ ఊగింది. కప్పు మూతి ముందుకు వంగి లేచింది, వంగి లేచింది.

అబూ హమ్దాన్ కళ్ళద్దాలు పైకి తోశాడు. పాతతరం దుబాయ్‌వాళ్ళలాగే ఆయనకు ఉర్దూ వచ్చు.

"యే బస్ బోల్తా హై, యా ఔర్ మాంగ్తా హై?" అన్నాడు. చాలంటున్నాడా, ఇంకా పొయ్యమంటున్నాడా?

దక్షిణామూర్తి నవ్వలేదు. "రత్నం, నాకు రెండు ముక్కలు చెప్పు. తప్పు ఎక్కడ? ఎప్పటికి సరవుతుంది?"

"హైదరాబాద్ నుంచి వచ్చే దాంట్లోనే తేడా ఉందనుకుంటున్నానండి."

"అనుకోవడం నాకొద్దు. ఆదివారం పొద్దున్నకి తేల్చు. వాళ్ళదే అయితే చెప్పు. మనీలాలో ఒక జట్టు రెడీగా ఉంది, వాళ్ళకిచ్చేస్తాను. నీ సంగతి కూడా ఆదివారమేగా?"

"అవునండి."

"నిన్ను పర్మనెంటు చేసే లెటర్ టైపు చేయించాను. సంతకం ఒక్కటే బాకీ." ఆయన సొరుగు వైపు చూపించలేదు. కానీ విజయరత్నం కళ్ళు సొరుగు మీదికే పోయాయి.

*

శుక్రవారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నారు. విజయరత్నం పళ్ళెంలో ముద్ద కలిపి, తినకుండా మణికట్టు ఆడించడం మొదలెట్టాడు. సంతోషకుమారి అది వారం రోజులుగా చూస్తోంది. ఆమె పనిచేసేది ఎముకల వార్డులో.

"ఇలా ఇవ్వండి చెయ్యి," అంది.

"నాకేం నొప్పి లేదే."

"తెలుసు. ఇవ్వండి." అతని ఎడమచెయ్యి లాక్కుని టేబుల్ మీద చాపించింది. "వేళ్ళు తిన్నగా పెట్టండి. ఇప్పుడు పిడికిలి బిగించండి. మొన్న షార్జా ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఒక వెల్డరు వచ్చాడు. ఉంగరపు వేలు ఎప్పుడో విరిగింది, ఎక్కడో కట్టు కట్టించుకున్నాడు, అతుక్కుంది. వేళ్ళు చాపితే ఎంత చక్కగా ఉన్నాయో! ఎక్స్‌రే తీస్తే ఎముక గీత గీసినట్టుంది. 'నీకేం లేదు పొమ్మ'న్నాడు కొత్త డాక్టరు. అతను పాపం వెళ్ళలేక అక్కడే నిలబడ్డాడు. మా పెద్ద డాక్టరు వచ్చి 'పిడికిలి బిగించు' అన్నాడు. బిగిస్తే ఆ వేలు పక్క వేలి మీదికి ఎక్కి కూర్చుంది."

"ఎందుకని?"

"అతుక్కునేటప్పుడు ఎముక దానిచుట్టూ అది కాస్త తిరిగి అతుక్కుందటండి. పొడుగు సరే, తిన్నగా ఉండడం సరే. తిరిగింది మాత్రం చాపినప్పుడు తెలీదు, మడిస్తేనే తెలుస్తుంది. మీరు మాట్లాడితే మా తాత తిన్నగా నిలబడ్డాడు, తిన్నగా నిలబడ్డాడు అంటున్నారే, అందుకని చెప్పాను. అన్నం తినండి."

విజయరత్నం తినలేదు. చేతిలో ముద్ద అలాగే ఉంది.

అతనికి మే నెల గుర్తొచ్చింది. ఒక గురువారం సాయంత్రం. అందరూ వెళ్ళిపోయే వేళ. తాత ఎముకలకు దిక్కులు చూపించే రంగు గీతలను ఊరికే తెర మీద పెట్టి చూశాడు. ఎడమ మోచెయ్యి ఎక్స్ చుట్టూ వంగుతోంది. కుడి మోచెయ్యి జెడ్ చుట్టూ వంగుతోంది. మొదట్లో సాఫ్ట్‌వేర్ తనంతట తాను అలా ఇచ్చింది. మడవడంలో తేడా లేదు, బొమ్మకు నష్టమూ లేదు. కానీ ఒక చెయ్యి ఒక రకం, ఇంకో చెయ్యి ఇంకో రకం. బోర్డు మీద ఒక అక్షరం పక్కకు వాలినట్టు.

కుడిదాన్ని ఎడమదానిలా తిప్పేశాడు, రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఇంటికెళ్ళిపోయాడు, అది గుర్తుపెట్టుకోవలసిన సంగతని కూడా అనుకోలేదు.

"సంతోషం," అన్నాడు. "నేను రేపు ఆఫీసుకెళ్ళాలి."

"శనివారం సెలవుగా?"

"అవును. అందుకే."

*

శనివారం స్టూడియోలో ఎవరూ లేరు. ఏసీ ఆపేసి ఉంది. అతను పాత మెయిళ్ళలోంచి ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు పంపిన అస్థిపంజరాన్ని బయటికి తీశాడు. ఇప్పుడు వాడుతున్నదాన్ని పక్కన తెరిచాడు. రెండు ఫైళ్ళకూ ఒకటే పేరు. తెర మీద ఇద్దరు తాతలు పక్కపక్కన నిలబడ్డారు, అచ్చుగుద్దినట్టున్నారు. ఒకరి మీద ఒకర్ని పెట్టి చూశాడు. ఒక్క వెంట్రుక తేడా లేదు.

ఎముకకు మొదలూ చివరా తెలిస్తే అది ఎక్కడినుంచి ఎక్కడికి సాగుతుందో తెలిసిపోతుంది. అది తన పొడుగు చుట్టూ తాను ఎంత తిరిగి ఉందనేది మాత్రం దానితో తెలియదు. దానికి వేరే ఒక అంకె ఉంటుంది, రోల్ అంటారు. చెయ్యి ముందుకు చాపి అరచేతిని పైకి పెట్టినా పక్కకు పెట్టినా చెయ్యి అక్కడే ఉంటుంది, పొడుగూ అంతే. "మణికట్టు మడువు" అంటే మాత్రం చెయ్యి రెండు వేరు వేరు దిక్కులకు పోతుంది. పైగా బొమ్మ నిలబడి ఉన్నప్పుడు రోల్ మారిస్తే చర్మం కదలదు, చొక్కా ముడత పడదు. లోపలి దిక్కులు మాత్రమే తిరుగుతాయి. అప్పటినుంచి పాత అంకెలకు అర్థం మారిపోతుంది.

ఒక్కో ఎముకకూ రోల్ రాసుకుంటూ వెళ్ళాడు. వెన్ను, సమానం. మెడ, సమానం. ఎడమచెయ్యి మొత్తం సమానం. కుడి భుజం సమానం. కుడి ముంజెయ్యి, తొంభై తేడా. కుడి హస్తం, తొంభై తేడా. వేళ్ళు మళ్ళీ సమానం.

రెండంటే రెండు ఎముకలు. రెండూ మేలో అతను సవరించినవి.

పర్శరాములు జట్టు ఏప్రిల్ తాతను నాలుగు నెలలుగా కదిలిస్తోంది. ఇక్కడ కూర్చున్నది మే తాత. వాళ్ళు అడిగిన మడతను ఈ తాత తొంభై డిగ్రీల పక్కకు మడుస్తున్నాడు. కప్పు పక్కలకు ఆడించమంటే పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. తాత చెప్పినట్టే వింటున్నాడు.

విజయరత్నం రెండు ఎముకల రోల్‌ను ఏప్రిల్‌లో ఉన్నట్టు పెట్టాడు. పట్టికను ముట్టుకోలేదు. అంకెలను మళ్ళీ ఎక్కించాడు. తాత కుడిచెయ్యి ఎత్తి, మోచెయ్యి లోపలికి మడిచి, మనవడి తల నిమిరాడు. మోచేతి దగ్గర చొక్కా మడత పడవలసిన చోటే పడింది. నూట ముప్ఫై షాట్లూ వరసగా నడిపాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి అయిపోయింది. చేత్తో సరిచేసిన నాలుగు షాట్లే మళ్ళీ వంకరపోయాయి. వాటి మీద తన సవరణలు తీసేస్తే అవీ కుదిరాయి.

సంతోషించవలసిన సమయం. అతను లేచి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. నీళ్ళ మిషన్ దగ్గర నిలబడి గ్లాసు నింపి, తాగకుండా పెట్టేశాడు. పని సరయింది. ఎవరు చెడగొట్టారో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు. ఇద్దరు తాతల్లో ఒకర్ని చెరిపేస్తే ఆ పేరుతో ఒక్కడే ఉంటాడు. రేపు దక్షిణామూర్తి "తప్పు ఎక్కడ" అంటే "సరిచేశానండి" అంటే చాలు. మిగతాది ఆయనే అనుకుంటాడు. మనీలాకు మెయిల్ వెళ్తుంది. సొరుగులోంచి లెటర్ వస్తుంది. ఆ కిటికీ, ఎదుటి కిటికీ ఇంక ఉండవు.

చేయి మౌస్ మీద పెట్టాడు. ఏప్రిల్ ఫైలును చెరపలేదు, మే ఫైలును కూడా చెరపలేదు. కంప్యూటర్ ఆపి కిందికి దిగాడు. సెలవురోజు హయాత్ బాషా రాడు. ఎండలో బస్టాపు దాకా నడిచి, బస్సెక్కి, ఇంటికి రెండు స్టాపుల ముందే దిగిపోయాడు. కూర్చోలేకపోయాడు.

*

ఆదివారం పొద్దున దక్షిణామూర్తి షాట్లు చూశాడు. కప్పు ఆడించే ముక్కను మూడుసార్లు నడిపాడు. మూడోసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

"శభాష్. నిన్న సెలవైనా వచ్చి చేశావట, సెక్యూరిటీ చెప్పాడు. హైదరాబాద్ వాళ్ళది ఎక్కడ తప్పింది?"

"వాళ్ళది తప్పలేదండి."

"మరి?"

"ఏప్రిల్లో పంపాక మేలో నేను కుడిచేతి ఎముకలు రెండు తిప్పానండి. పేరు మార్చలేదు. వాళ్ళకు చెప్పలేదు. నాకే గుర్తులేదు."

దక్షిణామూర్తి ముఖంలో కోపం రావడానికి కాస్త టైం పట్టింది. ముందు లెక్కేసుకున్నాడు. "అంటే వారం రోజులు మనం వాళ్ళ మీద అరిచింది..."

"నేను అరిచిందండి. మీరు అరవలేదు."

"ఎందుకు తిప్పావు? పాడైందా?"

"లేదండి. ఎడమచేతిలా లేదని."

"ఎడమచేతిలా లేదని!" ఆయన టేబుల్ మీద లేని కాగితాన్ని పక్కకు జరిపాడు. "నువ్వు ఇప్పుడు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెలుసండి."

"మరెందుకు చెబుతున్నావు?"

విజయరత్నం తెర మీద ఆగిన తాత వైపు చూశాడు. "మనీలావాళ్ళకు పంపాల్సింది ఏ తాతనండీ?" అన్నాడు. "మళ్ళీ పట్టిక మొదట్నుంచి కట్టాలి. పర్శరాములు జట్టుకు ఈ తాత ఎముక ఎముకా తెలుసు. వాళ్ళ పని చూశారుగా. ఎక్కడా వంక లేదు."

"నేను దానికి అడగలేదు."

"తెలుసండి."

దక్షిణామూర్తి సొరుగు తెరిచాడు. కవరు బయటికి తీసి, దానికేసి చూసి, మళ్ళీ లోపల పెట్టాడు.

"ఇది ఈద్ దాకా ఇక్కడే ఉంటుంది. పదిహేను భాగాలూ అయ్యాక చూద్దాం. ఈలోగా ఒక్కసారి పంపిన అస్థిపంజరాన్ని ఎవడైనా ముట్టుకుంటే, ముందు నాకు, తర్వాత హైదరాబాద్‌కు చెప్పాలి. ప్రతి ఎముక రోల్ కాగితం మీద రాసి గోడకు అంటించు. ఖలాస్. వెళ్ళు."

గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి ఇంకో మాట వచ్చింది. "మనీలా మెయిల్ పంపడం లేదు. ఆ పర్శరాములుకు నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెయ్యను."

ఫోను చేశాడు. అవతల పర్శరాములు అంతా విన్నాడు.

"అన్నా, నీ తాన ఒక్కసారి సూడరాదే అంటే ఏమంటివి?"

"ఏమీ అనలేదు."

"అనకుంటనే ఫోన్ వెట్టేసినవ్. మా పోరడు ఒకడు రెండు రోజులు అన్నం తినలే, తప్పు వానిదేనని."

"తప్పు నాదే రాములూ. అతనికి కూడా నేను చెబుతాను, ఫోనివ్వు."

"నువ్వు జెప్పుడు ఎందుకు, పొద్దుగాల్నే బిర్యాని వెట్టిస్త, నీ పేరు మీద. సరే గని, ముసలాయన ఇప్పుడు చాయ్ చాలంటుండా?"

"చాయ్ కాదు, గావా. చాలంటున్నాడు."

"బతికిచ్చినవ్."

మంగళవారం ఛానెల్ వాళ్ళు నలుగురు వచ్చి మొదటి భాగం చూశారు. తాత కప్పు ఆడించినప్పుడు వాళ్ళెవరూ ఏమీ అనలేదు. అది మామూలుగా ఉంది కాబట్టి. వెనక వరసలో అబూ హమ్దాన్ తన చిన్న కప్పును ఖాళీ చేసి, ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ ఆఫీసు బాయ్ వైపు చూడకుండానే రెండుసార్లు అటూ ఇటూ ఆడించాడు. విజయరత్నం తెర వదిలేసి ఆ మణికట్టే చూశాడు.

ఇంట్లో సంగతంతా విన్నాక సంతోషకుమారి, "అయితే ఈద్‌కి కట్టు విప్పి చూస్తారన్నమాట," అంది.

"చూస్తారు."

"అప్పటిదాకా చెయ్యి కదపకండి."

ఆమె ఎగతాళిగానే అంది. కానీ అతను ఆ మాట పట్టుకుని ఆ పూట మరి నవ్వలేకపోయాడు. ఈద్ అక్టోబర్ మధ్యలో. ఎనిమిది వారాలు.

బుధవారం సీరియల్‌లో నానమ్మ పాత్ర పని మొదలైంది. ఆమె అస్థిపంజరం పోయిన నెలే హైదరాబాద్ చేరింది. విజయరత్నం రోల్ అంకెలు కాగితం మీద ఎక్కించడానికి ఆమెను తెరిచి, రంగు గీతలు పెట్టాడు. కుడి మోకాలు బాగుంది. ఎడమ మోకాలి గీతలు కుడిదానికి పన్నెండు డిగ్రీలు పక్కకు వాలి ఉన్నాయి. మడిచినా తేడా పెద్దగా కనపడదు. ఎవరూ చూడరు.

అతని చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. ఆ చెయ్యిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి అది మళ్ళీ వెళ్ళింది. లేచి నీళ్ళు తాగొచ్చాడు. వచ్చి చూస్తే గీతలు ఇంకా అలాగే వాలి ఉన్నాయి.

ఫోను తీశాడు.

"రాములూ, నానమ్మ ఎడమ మోకాలు..."

"ముట్టకు," అన్నాడు పర్శరాములు.

"ముట్టలేదు. పన్నెండు డిగ్రీలు..."

"ముట్టకన్నా, నీకు దండం వెడ్త. ముసలామెను గట్లనే ఉండనియ్యి."

విజయరత్నం కాగితం మీద 'ఎడమ మోకాలు' అని రాసి, పక్కన ఉన్న అంకెను ఉన్నట్టు వేసి, గోడకు అంటించాడు. కాగితం ఒక మూల కొద్దిగా వంకరగా అంటుకుంది. దాన్ని పీకి మళ్ళీ తిన్నగా అంటించాడు.